మార్కుల వెనుక ఉన్న గంట ఆకారం

ఫలితాలు వెలువడే రోజుల్లో ప్రతి ఇంటిలోనూ మార్కుల జాబితా చేతులు మారుతుంది. పదవ తరగతి చదివే ఒక అమ్మాయికి లెక్కలలో 62, సామాన్య శాస్త్రంలో 75 వచ్చాయనుకుందాం. తండ్రి జాబితా చూడగానే, “లెక్కలు నీకు పట్టుబడలేదమ్మా, ఇంటర్‌లో లెక్కలు లేని గ్రూపు తీసుకో” అంటాడు. తల్లికి అది సరైన మాటగానే తోస్తుంది. 75 కంటే 62 చిన్న సంఖ్య కదా! అమ్మాయి మారుమాటాడదు. రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడడంతో ఒక పిల్ల చదువు దారి మారిపోతుంది. ఆ పోలిక న్యాయమైనదేనా అన్నది ఈ నెల మన శీర్షికలో పరిశీలిద్దాం.

మార్కు ఒంటరిగా ఉన్నప్పుడు దానికి అర్థం లేదు. ప్రశ్నపత్రం కఠినమైతే 62 గొప్ప మార్కు కావచ్చు. సులభమైతే అదే 62 వెనుకబాటుకు గుర్తు కావచ్చు. కాబట్టి అదే పరీక్ష రాసిన మిగతా పిల్లల మధ్య ఆ మార్కు ఎక్కడ నిలిచిందో చూడాలి. ఇందుకు మనకు రెండు విషయాలు తెలియాలి. మొదటిది సగటు. రెండవది, పిల్లల మార్కులు ఆ సగటుకు మామూలుగా ఎంత దూరంలో చెదిరి ఉన్నాయన్నది. ఈ రెండవదానిని గణాంకశాస్త్రంలో ప్రామాణిక విచలనం అంటారు. పేరు బరువుగా ఉన్నా పని తేలికైనదే.

ఐదుగురు పిల్లల మార్కులు 38, 46, 50, 54, 62 అనుకుందాం. మొత్తం 250, సగటు 50. ఇప్పుడు ఒక్కొక్కరు సగటుకు ఎంత దూరంలో ఉన్నారో చూస్తే 12, 4, 0, 4, 12 వస్తాయి. ఈ దూరాలలో కొన్ని సగటుకు దిగువవి, కొన్ని ఎగువవి. వాటిని ఉన్నవి ఉన్నట్లు కూడితే ఒకదానినొకటి రద్దు చేసుకుని సున్నా మిగులుతుంది. అందుకే ప్రతి దూరాన్నీ వర్గం చేస్తారు. 144, 16, 0, 16, 144 కలిపితే 320. ఐదుతో భాగిస్తే 64. దాని వర్గమూలం 8. అంటే ఈ పిల్లల మార్కులు సగటు నుండి మామూలుగా 8 మార్కుల మేర చెదిరి ఉన్నాయన్నమాట. ఇకపై ఈ 8ని మనం ఒక ‘అడుగు’గా భావిద్దాం.

ఇప్పుడు ఐదుగురిని విడిచి పెద్ద సమూహానికి వద్దాం. ఒకే లెక్కల పరీక్షను 1000 మంది రాశారనీ, సగటు 50, అడుగు 8 అనీ అనుకుందాం. ఏ మార్కు ఎంతమందికి వచ్చిందో స్తంభాలుగా గీస్తే, పాఠ్యపుస్తకాలలో సోపాన రేఖాచిత్రం అని చెప్పే బొమ్మ వస్తుంది. సగటు దగ్గర స్తంభాలు ఎత్తుగా ఉంటాయి. అక్కడి నుండి ఇరువైపులా దిగుతూ, చివరలలో నేలకు ఆనుకుంటాయి. వాటి శిఖరాలను కలిపితే బోర్లించిన గంట ఆకారం ఏర్పడుతుంది. దీనినే సామాన్య విభాజనం అంటారు. దీని గణిత రూపాన్ని అబ్రహాం ద మావ్ర్ అనే గణితజ్ఞుడు 1733లో మొదటిసారి చూపించాడు.

మార్కులు ఈ ఆకారంలో ఎందుకు సర్దుకుంటాయి? ఒక విద్యార్థి మార్కు ఒకే కారణం వల్ల వచ్చేది కాదు. చదివిన గంటలు, ఆ రోజు ఆరోగ్యం, తనకు తెలిసిన ప్రశ్న రావడం, ఒక గుర్తు పొరపాటుగా వేయడం, దిద్దినవారి తీరు వంటి చిన్నచిన్న కారణాలు అనేకం కలిస్తే అది తయారవుతుంది. అవన్నీ ఒకేసారి అనుకూలించడం అరుదు, అన్నీ ఎదురుతిరగడమూ అరుదే. చాలామందికి కొన్ని అనుకూలిస్తాయి, కొన్ని అనుకూలించవు. అందుకే మధ్యలో గుంపు, అంచులలో కొద్దిమంది.

ఈ గంట ఆకారానికి ఒక సులువైన కొలత ఉంది. సగటు నుండి అటూ ఇటూ ఒక అడుగు లోపల సుమారు 68 శాతం మంది, రెండడుగుల లోపల 95 శాతం మంది, మూడడుగుల లోపల 99.7 శాతం మంది ఉంటారు. దీనినే అనుభవ సూత్రం అని పిలుస్తారు.

మన వెయ్యిమందికి దీనిని వర్తింపజేద్దాం. ఒక అడుగంటే 42 నుండి 58 వరకు. ఈ మధ్య సుమారు 680 మంది ఉంటారు. మిగిలిన 320 మంది ఇరువైపులా సమంగా పంచుకుంటారు కనుక 58 దాటినవారు 160 మంది, 42 చేరనివారు 160 మంది. రెండడుగులంటే 34 నుండి 66 వరకు. అందులో 950 మంది ఉండగా 66 దాటినవారు 25 మందే. మూడడుగులంటే 26 నుండి 74 వరకు. ఇక 74 దాటేది వెయ్యిమందిలో ఒకరో ఇద్దరో. ఒక్కో అడుగు పైకి వెళ్ళేకొద్దీ జనం ఎంత వేగంగా పలచబడుతున్నారో గమనించండి. సగటు దగ్గర నాలుగు మార్కులు పెరిగితే చాలామందిని దాటుతాము. అంచున అవే నాలుగు మార్కులు పెరిగితే దాటడానికి అక్కడ మనుషులే తక్కువ.

ఇప్పుడు ఆ అమ్మాయి వద్దకు వద్దాం. ఆమె లెక్కల మార్కు 62. సగటుకు 12 మార్కులు ఎగువన, అంటే ఒకటిన్నర అడుగుల ఎత్తున ఉంది. 58 వద్ద ఉంటే ఆమె కంటే ముందు 160 మంది ఉండేవారు, 66 వద్ద ఉంటే 25 మంది. ఆమె ఈ రెంటికీ నడుమ ఉంది. అలాగని ఈ రెండు సంఖ్యల సగటు తీసి 92 మంది అనడం సరికాదు. గంట గోడ నిటారుగా దిగదు, వంపుగా దిగుతుంది. గణాంక పట్టిక చూస్తే ఆమె కంటే ముందున్నవారు సుమారు 67 మంది అని తేలుతుంది.

సామాన్య శాస్త్రంలో సగటు 70, అడుగు 10 అనుకుందాం. 75 అంటే సగటుకు అర అడుగు ఎత్తు మాత్రమే. పట్టిక ప్రకారం ఆమె కంటే ముందు సుమారు 309 మంది ఉన్నారు. తండ్రి బలం అనుకున్న విషయంలో మూడు వందల మంది ఆమెను దాటిపోయారు. బలహీనత అనుకున్న విషయంలో దాటినవారు డెబ్బైకి లోపే. కఠినమైన పరీక్షలో వచ్చిన 62ను సులభమైన పరీక్షలో వచ్చిన 75తో నేరుగా తూచడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. ఏ గ్రూపు తీసుకోవాలో ఈ లెక్క ఒక్కటే తేల్చదు, పిల్ల ఇష్టమూ చూడాలి. అయితే “లెక్కలు పట్టుబడలేదు” అన్న మాటకు మాత్రం ఈ మార్కులలో ఆధారం లేదు.

అయితే ఈ సూత్రాన్ని ఎక్కడబడితే అక్కడ వాడరాదు. బొమ్మ గంట ఆకారంలో ఉన్నప్పుడే అది చెల్లుతుంది. పరీక్ష మరీ సులభమై సగటు 88, అడుగు 9 అని వస్తే లెక్క వేసి చూడండి. రెండడుగులు పైకి వెళితే 106 అవుతుంది. నూటికి నూట ఆరు ఎవరికీ రావు. పైన గోడ అడ్డం ఉన్నందున పిల్లలంతా 90లలో గుమిగూడుతారు, తోక కిందివైపుకే సాగుతుంది. ఇక్కడ 68, 95 అనే సంఖ్యలు పనికిరావు. సగటుకు రెండడుగులు కలిపినా, తీసివేసినా మార్కుల హద్దు దాటిపోతుంటే ఆకారం చెడిందని వెంటనే అనుమానించవచ్చు.

రెండవ చిక్కు రెండు మూపురాలది. బాగా సిద్ధమైన ఒక విభాగాన్నీ, ఉపాధ్యాయుడు లేక సగం పాఠాలే జరిగిన మరో విభాగాన్నీ ఒకే జాబితాలో కలిపితే, ఒంటెకు వలె బొమ్మకు రెండు మూపురాలు వస్తాయి. వాటి నడుమ పడిన సగటు మార్కు ఎవరికీ సరిగా వర్తించదు. అలాంటప్పుడు రెండు విభాగాలనూ విడదీసి చూడాలి.

మూడవది ఉత్తీర్ణత గీత. పోలాండ్ దేశంలో పాఠశాల చదువు ముగింపున జరిగే మతూరా పరీక్షలో 30 శాతం వస్తే ఉత్తీర్ణత. అక్కడి పోలిష్ భాషా పరీక్ష ఫలితాలను బొమ్మగా గీస్తే, 30కి కాస్త దిగువన స్తంభాలు కుంగిపోయి, 30 దగ్గర ఒక్కసారిగా పైకి లేచినట్లు కనిపించింది. ఒకటి రెండు మార్కులతో ఆగిపోయే పిల్లలను దిద్దేవారు పైకి లాగితే ఏర్పడే ఆకారమిది. గంట నునుపుగా లేనిచోట మనిషి చేయి పడిందేమో చూడాలని ఈ బొమ్మ నేర్పుతుంది.

ముప్పై మంది ఉన్న తరగతిలో గంట ఆకారం స్పష్టంగా ఏర్పడదు. అక్కడ సూత్రం వల్లించడం కంటే పిల్ల స్థానాన్ని వేళ్ళతో లెక్కించడం మేలు. పెద్ద తరగతిలోనైనా ముందు పరీక్షించి చూడవచ్చు. సగటుకు ఒక అడుగు లోపల నిజంగా ఎంతమంది ఉన్నారో జాబితాలో లెక్కించాలి. వెయ్యికి 680కి దగ్గరగా వస్తే, రెండడుగుల లోపల 950కి దగ్గరగా వస్తే సూత్రాన్ని నమ్మవచ్చు. 560 మందో, 800 మందో వస్తే పక్కన పెట్టాలి.

ఇంకొక మాట. సూత్రం ఉన్న స్థితిని వర్ణిస్తుంది, ఇలాగే ఉండాలని ఆజ్ఞాపించదు. కొన్ని చోట్ల గంట ఆకారం రావాలని ముందే తీర్మానించి, ఇంత శాతానికే పై శ్రేణి, ఇంత శాతానికి కింది శ్రేణి అని పంచుతారు. శ్రద్ధగా బోధించిన తరగతిలో దాదాపు అందరూ పాఠం నేర్చుకుని ఉండవచ్చు. అప్పుడు ఆకారం కోసం కొందరిని కిందికి నెట్టడం వారి హక్కును తగ్గించడమే. పిల్లలు నేర్చినదానిని బట్టి బొమ్మ రావాలి గాని, బొమ్మను బట్టి పిల్లలను సర్దకూడదు.

కాబట్టి ఈసారి మార్కుల జాబితా అందుకున్నప్పుడు బడిలో మూడు సంగతులు అడగండి: ఆ విషయంలో తరగతి సగటు ఎంత, ప్రామాణిక విచలనం ఎంత, రాసినవారు ఎంతమంది. పిల్లవాడి మార్కులోనుండి సగటును తీసివేసి, విచలనంతో భాగించండి. ప్రతి విషయానికీ ఇలా చేసి, వచ్చిన సంఖ్యలను పక్కపక్కన రాయండి. పోల్చదగినవి అవే. కాగితం మీద పది నిమిషాలు పట్టే ఈ పనిని పిల్లవాడి చేతనే చేయించి, ఆ తర్వాత గ్రూపు గురించి మాట్లాడుకోండి.