బిల్లు మీద జారుడు గ్రేడు రాయించండి

అనకాపల్లిలో ఇళ్లు కట్టుకునేవారికీ, ఫ్లాట్లు కొనేవారికీ, బిల్డర్లకూ, టైల్స్ షాపులవారికీ, మేస్త్రీలకూ విన్నపం

హాలుకు తెచ్చిన రెండడుగుల మెరుపు విట్రిఫైడ్ టైలునే వంటింట్లో, బాత్రూంలో కూడా పరిచేస్తున్నారు. ‘విట్రిఫైడ్ కదా, నీళ్లు పీల్చదు’ అన్నది షాపులో వినిపించే మాట. అది నిజమే. విట్రిఫైడ్ టైలు పీల్చే నీరు దాని బరువులో అర శాతం మించదు. మామూలు సిరామిక్ ఫ్లోర్ టైలు 3 నుంచి 6 శాతం దాకా పీలుస్తుంది. కానీ నీళ్లు పీల్చకపోవడం వేరు, కాలు జారకపోవడం వేరు. జారుడును తేల్చేది పైపొర.

దాన్ని కొలిచే పద్ధతి ఉంది. నూనె పోసిన పలక మీద బూట్లతో మనిషిని నడిపిస్తూ, పలక వాలు పెంచుతూ పోతారు. ఎంత వాలుకు కాలు జారిందో దాన్నిబట్టి ఆర్ 9 నుంచి ఆర్ 13 వరకు గ్రేడు ఇస్తారు. ఆర్ 9కి పట్టు అన్నిటికన్నా తక్కువ. సబ్బు నీళ్లలో వట్టి కాళ్లతో చేసే పరీక్షకు ఎ, బి, సి గ్రేడులు వేరే ఉన్నాయి. బాత్రూంకు చూడాల్సింది ఇదే. ‘బి’ గానీ ‘సి’ గానీ ఉండాలి. అది దొరక్కపోతే ఆర్ 11 మ్యాట్ అడగండి.

గరుకు ఎక్కువైనా చిక్కే. వంటింట్లో నూనె జిడ్డు గరుకులో చేరి తుడుపుకు రాదు. అక్కడ ఆర్ 10 మ్యాట్ విట్రిఫైడ్ చాలు. నీళ్లు పడని హాల్లో మెరుపు టైలు వేసుకోవచ్చు.

కడప, తాండూరు బండలు సున్నపురాయి జాతివి. చింతపండు పులుసు, నిమ్మరసం, బాత్రూం యాసిడ్ తగిలితే మచ్చపడతాయి. గ్రానైట్ ఆ పులుపుకు తట్టుకుంటుంది కానీ, పాలిష్ పట్టినది తడిస్తే జారుతుంది. బాత్రూంకు మంటతో కాల్చి గరుకు చేసిన గ్రానైట్ అడగాలి.

8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న బాత్రూం తీసుకోండి. నీళ్లు జాలీకి పారాలంటే 80 అంగుళాలకు అంగుళం చొప్పున, ఆ పొడవుకు అంగుళం పైచిలుకు వాలు కావాలి. రెండడుగుల టైలు నాలుగు వైపుల వాలుకూ ఒదగదు, మూలల్లో నీళ్లు నిలుస్తాయి. అడుగు టైలు ఒదుగుతుంది, దాని సందులు కాలికి పట్టునిస్తాయి. కావలసినవి 40, తరుగుకు మరో 4. ఈ 44 టైల్స్ కోసం హాలు టైలు మార్చనక్కర్లేదు.

అందుకే కోరుతున్నాం:

1. షాపులవారు బిల్లు మీద ప్రతి టైలుకూ జారుడు గ్రేడు రాయాలి.
2. బిల్డర్లు ఒప్పందంలో బాత్రూం, వంటిల్లు, హాలు టైల్స్ విడివిడిగా పేర్కొనాలి.
3. మేస్త్రీలు విట్రిఫైడ్‌ను వట్టి సిమెంటు పాలతో కాక టైల్ గమ్‌తో అతికించాలి. నీళ్లు పీల్చని టైలు వెనక సిమెంటు సరిగా పట్టదు. తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే ఆ టైలు ఊడిపోవచ్చు.
4. కొనేవారు నమూనా మీద సబ్బు నీళ్లు పోయించి, పక్కన ఒకరిని పట్టుకొని, వట్టి పాదంతో రాసి చూడాలి. గ్రేడు చెప్పలేని టైలును బాత్రూంకు కొనవద్దు.

ఇట్లు,
మీ ఊరివాళ్లం