యాడికి పోవల్ల?

మా అపార్టుమెంటులో ఆదివారం సాయంత్రాలు ఓ పదిమంది కన్నడ, మరాఠీ, మలయాళీ మిత్రులకి తెలుగు నేర్పిస్తుంటాను. నేర్పిస్తున్నానని నేననుకుంటున్నాను లెండి. నాలుగో వారం పాఠం "బస్టాపులో". ఒకరు టూరిస్టు, ఒకరు లోకల్. ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లీషు.

"దయచేసి చెప్పండి, అనంతపురం వెళ్ళే బస్సు ఎప్పుడు వస్తుంది?"
"పది నిమిషాలలో వస్తుంది."
"ధన్యవాదాలు."

నేను పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో. ఇలాంటి సంభాషణ మా బస్టాండుల్లో ఒక్కసారి కూడా వినలేదు. "దయచేసి" అనేది రైల్వే స్టేషను మైకులో తప్ప ఎవరి నోటా రాదు. ఆ సంగతి తెలిసీ ప్రింటు తీసి పంచాను.

ఫలితం అనుభవించింది మా క్లాసులోని ఒక పూణే మిత్రుడు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి చూసుకుని, అనంతపురం పోదామని బస్టాండుకొచ్చాడు. పాఠంలోని వాక్యం పొల్లుపోకుండా ఒక పెద్దాయన్ని అడిగాడు. ఆయనకి సరిగా వినపడలేదో ఏమో, "యాడికి పోవల్ల?" అన్నాడు. అంటే ఎక్కడికి పోవాలి అని. మనవాడు అప్పుడే ఎదురుగా ఉన్న బస్సు బోర్డు కూడబలుక్కుని చదివాడు. దానిమీద ఉన్నది "యాడికి". తాడిపత్రి పక్కన నిజంగానే ఆ పేరుతో ఊరుంది, అదొక మండల కేంద్రం కూడా. "నో నో, యాడికి వద్దు, అనంతపురం!" అన్నాడు. పెద్దాయన నవ్వి, "ఇప్పుడే పోయె. ఇంగొకటి వస్తాది, ఉండు" అన్నాడు.

మనవాడికి ఆఖరి ముక్క ఒక్కటే అందింది. క్లాసులో "ఉంది" నేర్చుకున్నాడు కదా, "ఉండు" కూడా అదే అనుకున్నాడు. బస్సు ఉందంటున్నాడు కాబోలని ఇంజను స్టార్టయిన ఇంకో బస్సు ఎక్కేశాడు. కండక్టరు తరువాతి స్టాపులో దించేశాడు. గంట పోయింది.

తప్పు అతనిది కాదు, నా పాఠానిది. టూరిస్టుకి మాట్లాడటానికి ఏ తెలుగైనా పనికొస్తుంది. "వెళ్తుందా" అన్నా, "పోతాదా" అన్నా, ఉత్తగా ఊరి పేరు చెప్పి చెయ్యి ఊపినా అవతలివాళ్ళు అర్థం చేసుకుంటారు. కానీ అవతలివాళ్ళ జవాబు మాత్రం వాళ్ళ తెలుగులోనే వస్తుంది. మనం ప్రశ్నలు నేర్పి, జవాబుల్ని ఇంగ్లీషు అనువాదానికి వదిలేస్తున్నాం. "మాండలికం ఎందుకండీ, ప్రామాణిక భాష చాలదా?" అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే: నోటికి చాలు, చెవికి చాలదు.

అందుకని పాఠం మార్చాను. టూరిస్టుకి మూడే వాక్యాలు. లోకల్ పాత్రకి అసలు డైలాగులే లేవు, ఒక చీటీ మీద విషయాలు మాత్రం ఉంటాయి: బస్సు ఇప్పుడే పోయింది, ఇంకోటి నాలుగున్నరకి, అవతలి ప్లాట్‌ఫారం. ఆ పాత్ర అనంతపురం మనిషే చెయ్యాలి, ప్రస్తుతానికి నేనే. మొన్న ఇలా జరిగింది:

"అన్నా, అనంతపురం బస్సు?"
"ఇప్పుడే పోయెనే. ఫోర్ థర్టీకి ఇంగొకటుంది. ఆపక్క నిలబడల్ల."
"ఫోర్ థర్టీకి, ఆ పక్క. అంతేనా అన్నా?"
"అంతే. యా ఊరు మీది?"
"పూణే."
"మీ పక్క వానలు పడినాయా?"

గమనించారా, ఇంగ్లీషు కుడి పక్క కాలమ్ వదిలి జవాబులోకే వచ్చేసింది. మర్యాద "దయచేసి"లో లేదు, "అన్నా"లో ఉంది. అన్నిటికన్నా ముఖ్యం మూడో వాక్యం. విన్నది తిరిగి అప్పజెప్పడం. మన భాషలో చెప్పాలంటే ఏక్నాలెడ్జ్‌మెంట్. తప్పుగా వింటే అక్కడే దొరికిపోతుంది, ఇంకో బస్సు ఎక్కేదాకా ఆగక్కర్లేదు. పాత పాఠంలో "ధన్యవాదాలు" ఉన్న చోట ఇప్పుడిది ఉంది.

ఇక ఆ వానల ప్రశ్న. "వాతావరణం" అని వేరే పాఠం పెట్టి "ఈ రోజు ఎండగా ఉంది" అని నేర్పిస్తాం. మా కరువు సీమలో ఎండ గురించి ఎవరడుగుతారు, అది ఎప్పుడూ ఉండేదే. వేరే ఊరి మనిషి కనిపిస్తే అడిగేది వాన గురించే. శెనక్కాయ పంట దానిమీదే ఆధారపడ్డవాళ్ళకి అది ఊసుపోక మాట కాదు. మా పూణే మిత్రుడు ఆ ప్రశ్నకి "థ్యాంక్యూ" అన్నాడు. వచ్చే ఆదివారం పాఠం అక్కడినుంచే మొదలు.