బోర్డు మీద ఏ పేరు రాయాలి?

వచ్చే ఆదివారం మీటింగులో పిల్లల చదువు గదికి పేరు పెట్టబోతున్నాం. మీటింగులో ఇంత వివరంగా మాట్లాడలేను కాబట్టి నా అభిప్రాయం ముందుగానే రాస్తున్నాను.

ఇప్పటికి మూడు పేర్లు వచ్చాయి. వాటిని కాగితం మీద తమిళ అక్షరాల్లో రాసి, మన వీధి మలుపులో పూలమ్మే ఆవిడకీ, ఇస్త్రీ అబ్బాయికీ, స్కూలు గేటు దగ్గర నిలబడిన ఒక తల్లికీ చూపించాను. లోపల ఏముంటుంది, ఎవరు రావచ్చు, డబ్బు కట్టాలా అని మాత్రమే అడిగాను.

‘జ్ఞాన వికాస కేంద్రం’ అంటే ఆ తల్లి వెంటనే “ట్యూషనా? నెలకెంత?” అంది. ‘ఆంధ్ర గ్రంథాలయం’ అంటే పెద్దవాళ్ళు పేపరు చదివే చోటు అన్నాడు ఇస్త్రీ అబ్బాయి. మూడోది దాత గారి నాన్నగారి పేరుతో స్మారక మందిరం. పూలావిడ “ఎవరింటిదో, మనం పోకూడదు” అంది. పోనీ తమిళంలో ‘పడిప్పగం’ అందామా అంటే, ఈ ఊళ్ళో ఆ మాట వినగానే ఏ పార్టీది అని అడుగుతారు.

నాకు మొదట ‘కథల గది’ నచ్చింది. కానీ తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం, త, ద లకూ ఒకటే. ‘గది’ అని రాస్తే చదివేవాళ్ళకు ‘గతి’ అవుతుంది. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా చదివేది తమిళ అక్షరాలే. నేనూ తమిళ మీడియంలో చదివినవాణ్ణే, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను.

అందుకే నా మాట ‘కథల అరుగు’. అరుగు మన ఇళ్ళ మాట. పిలవకపోయినా వచ్చి కూర్చునే చోటు. తమిళ అక్షరాల్లో రాసినా సరిగ్గానే పలుకుతుంది, పైగా తమిళంలో ‘అరుగు’ అంటే దగ్గర, పక్కన అని అర్థం. కథ అన్నా వాళ్ళ ‘కదై’ గుర్తొస్తుంది.

బోర్డు మీద పేరు తెలుగులో, తమిళంలో ఒకే సైజులో ఉండాలి. కింద ‘పిల్లలందరూ రావచ్చు. ఫీజు లేదు. సాయంత్రం 5 నుంచి 7’ అని రెండు భాషల్లోనూ రాయాలి. పేరు చూసి తెలుగువాళ్ళకే అనుకునే తల్లికి ఆ ‘అందరూ’ అన్న మాటే జవాబు. దాత గారి పేరు లోపల పుస్తకాల బీరువా మీద గౌరవంగా రాయిద్దాం.

గ్రంథాలయం అనకపోతే హుందాతనం ఉండదని కొందరు పెద్దలంటున్నారు. ఆ హుందాతనమే పూలావిడ బిడ్డను గుమ్మం దగ్గర ఆపేస్తుందని నా భయం. అలాగని పేరొక్కటే పిల్లల్ని తీసుకురాదు. 5 గంటలని రాసి 5:30కి తాళం తీస్తే, వచ్చి తిరిగిపోయిన పిల్ల మళ్ళీ రాదు. తాళం తీసే వంతులు కూడా ఆదివారమే రాసుకుందాం. సోమ, మంగళవారాలు నావి.