లెటర్ మీది నంబరుకు ఫోన్ చేయరు!

లాలాగూడ కుర్రాడొకడు కొత్త ఉద్యోగం కోసం పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇచ్చాడనుకుందాం. 2019 జూన్‌లో చేరి, 2022 మార్చి 31న మానేసినట్టు అందులో ఉంది. హెచ్.ఆర్. వాళ్లు ముందుగా అతని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటారు. లెటర్ మీదున్న నంబరుకు మాత్రం ఫోన్ చేయరు. దొంగ లెటర్ చేయించినవాడు అక్కడ స్నేహితుడి నంబరే వేయించి ఉండొచ్చు కదా! కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో వెతికితే ఆ కంపెనీ ఎప్పుడు రిజిస్టరైందో తెలుస్తుంది. 2020లో పుట్టిందని ఉంటే 2019లో ఉద్యోగం ఎలా ఇచ్చింది? అంతకుముందు భాగస్వామ్య సంస్థగా నడిచిందేమో, అదీ అడగాలి. తేదీలు కుదిరితే కంపెనీ అసలు మెయిల్ చిరునామా తామే వెతుక్కుని, లెటర్ ప్రతి పంపి, ఇది మీరిచ్చిందేనా అని అడుగుతారు.

జవాబు రాలేదా, పీఎఫ్ ఉంది. కుర్రాడే తన యూఏఎన్‌తో లాగినై సర్వీస్ హిస్టరీ చూపిస్తాడు. మానేసిన తేదీ అక్కడ ఫిబ్రవరి 28 అని కనిపిస్తే? వెంటనే దొంగ అనేయకూడదు. ఆ తేదీ మామూలుగా పాత యజమాని నింపేదే, పొరపాట్లు పడుతుంటాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లో మార్చి జీతం కూడా పడి ఉంటే, లెటర్ని నమ్మి, పీఎఫ్‌లో తేదీ దిద్దించుకోమంటారు.