తక్కువ ఆఫర్‌కు తలూపొద్దు, తగువుకీ దిగొద్దు: లెక్కలతో జవాబు రాయండి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగ మిత్రులారా!

హైదరాబాద్‌లో కంపెనీ మారాలనుకునే ప్రతి ఒక్కరికీ ముందుగా ఎదురయ్యే ప్రశ్న "మీ కరెంట్ సీటీసీ ఎంత?" అన్నదే. మనం అంకె చెప్పగానే దాని మీద ఇంత శాతం అని కలిపి ఆఫర్ తయారుచేస్తారు. మనం చేయబోయే పనికి బయట ఎంత ఇస్తున్నారన్న లెక్క అందులో ఉండదు. అందుకే మొదటి ఉద్యోగంలో తక్కువకు చేరినవారు ఎన్ని కంపెనీలు మారినా ఆ లోటును వెంట మోసుకుపోతూనే ఉంటారు. ఏటా వచ్చే హైకులు కూడా ఆ తక్కువ జీతం మీదే లెక్కిస్తారు కాబట్టి తేడా పెరుగుతుందే గానీ తరగదు.

దీనికి మనవాళ్లలో చాలామంది రెండే పనులు చేస్తున్నారు. కొందరు సరేనని సంతకం పెట్టి, చేరాక పక్క సీటు వాళ్ల జీతం తెలిసి కుమిలిపోతున్నారు. ఇంకొందరు ఒప్పుకుని, నోటీస్ పీరియడ్‌లో ఆ లెటర్ చూపించి మరో ఆఫర్ తెచ్చుకుని, చేరాల్సిన రోజు ఫోన్ ఎత్తడం లేదు. మొదటి దారిలో మనకు నష్టం. రెండో దారిలో మన తర్వాత వచ్చేవారి మాటను ఏ రిక్రూటరూ నమ్మరు. మూడో దారి ఉంది. సంతకానికి ముందే, మార్కెట్ లెక్కలు చూపిస్తూ మర్యాదగా ఒక మెయిల్ రాయడం. అందరం దాన్నే అలవాటు చేసుకోవాలన్నదే ఈ కరపత్రం ఉద్దేశం.

ముందు ఆఫర్‌ను విప్పి చూడండి

ఐదేళ్ల అనుభవమున్న ఒక జావా డెవలపర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఈ అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే. పాత సీటీసీ 9 లక్షలు, కొత్త ఆఫర్ 12 లక్షలు. మూడో వంతు పెరిగింది కదా అనిపిస్తుంది. లోపల చూస్తే 1,20,000 వేరియబుల్. అది కంపెనీ ఫలితాలను బట్టి, మన రేటింగ్‌ను బట్టి వస్తుంది, రాకపోవచ్చు కూడా. బేసిక్ ఏడాదికి 5 లక్షలైతే, దాని మీద 12 శాతం చొప్పున కంపెనీ కట్టే పీఎఫ్ 60,000, గ్రాట్యుటీ కింద చూపే 4.81 శాతం మరో 24,050 సీటీసీలోనే కలిపేసి ఉంటాయి. ఇవన్నీ తీసేస్తే నెల జీతం సుమారు 83,000. అందులోంచి మన వాటా పీఎఫ్ 5,000, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 78,000 లోపే. కాబట్టి బేరం సీటీసీ మీద కాదు, ఫిక్స్‌డ్ మీద చేయాలి. ఈ ఆఫర్‌లో ఫిక్స్‌డ్ 10,80,000.

ఏది ఆధారం, ఏది కాదు

జీతాల సైట్లలో కనిపించే సగటు అంకెను అలాగే ఎత్తి రాస్తే హెచ్ఆర్ ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ఆ సగటులో పాత ఏళ్ల జీతాలు, వేరే ఊళ్ల జీతాలు, సర్వీస్ కంపెనీలవి, ప్రొడక్ట్ కంపెనీలవి అన్నీ కలిసిపోయి ఉంటాయి. పైగా కొందరు ఫిక్స్‌డ్ రాస్తారు, కొందరు షేర్లతో కలిపి మొత్తం రాస్తారు. నాలుగు కలిస్తేనే అంకెను లెక్కలోకి తీసుకోండి: అదే పని, అదే అనుభవం, అదే ఊరు, అదే తరహా కంపెనీ. అదీ గత ఏడాది లోపలిదై ఉండాలి.

సైట్లలో ఏరిన అంకెలకు తోడు, అదే పనికి వేరే రిక్రూటర్లు మీకు చెప్పిన బడ్జెట్లు, ఈ మధ్యే మారిన స్నేహితులు చెప్పిన ఫిక్స్‌డ్ జీతాలు రాసుకోండి. మూడు వైపుల నుంచీ వచ్చినవి దగ్గరదగ్గరగా ఉంటే అదే మార్కెట్. ఒక్కటే ఎక్కడో పైన ఉంటే దాన్ని వదిలేయండి. స్నేహితుల పేర్లు మాత్రం ఏ మెయిల్‌లోనూ రాయకండి. మన ఉదాహరణలో ఆ అంకెలు 14 నుంచి 16 లక్షల మధ్య తేలాయనుకుందాం.

మెయిల్ ఇలా ఉండాలి

ఆఫర్ రాతపూర్వకంగా వచ్చాక, ఒకటి రెండు రోజుల్లో పంపండి. మీరు ఇంగ్లీషులో రాసినా సారం ఇదే:

"నమస్తే. ఆఫర్ పంపినందుకు ధన్యవాదాలు. టీమ్‌తో మాట్లాడాక ఈ పేమెంట్స్ ప్రాజెక్టులో చేరాలని గట్టిగా అనుకుంటున్నాను. జీతం విషయంలో ఒక్క అభ్యర్థన. హైదరాబాద్‌లో ఐదేళ్ల అనుభవమున్న బ్యాకెండ్ డెవలపర్లకు, మీలాంటి ప్రొడక్ట్ కంపెనీల్లో, గత ఏడాదిలో నేను చూసిన ఫిక్స్‌డ్ జీతాలు 14 నుంచి 16 లక్షల మధ్య ఉన్నాయి. జీతాల సైట్ల అంకెలూ, ఇదే పనికి రిక్రూటర్లు చెప్పిన బడ్జెట్లూ ఇదే చూపిస్తున్నాయి. వాటి స్క్రీన్‌షాట్లు జతచేశాను. ఇంటర్వ్యూలో మాట్లాడుకున్న మైగ్రేషన్ పని నేను ఇప్పటికే ఒకసారి పూర్తిచేశాను. అందువల్ల ఫిక్స్‌డ్‌ను 15 లక్షలు చేయగలరా? కుదిరితే ఈ వారమే ఒప్పుకుంటాను. బ్యాండ్ అడ్డొస్తే వేరే దారి ఏముందో మాట్లాడుకుందాం. ఫోన్‌కైనా సిద్ధం."

గమనించండి. ఇందులో అడిగింది ఒకే అంకె. "14 నుంచి 16 ఇవ్వండి" అంటే 14 దగ్గరే ఆగుతారు. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజుల ఊసు లేదు. అవి నిజమే అయినా హెచ్ఆర్ తన పై మేనేజర్‌కు చూపించగలిగే కారణాలు కావు. బెదిరింపు లేదు. లేని ఆఫర్ ఉందని చెప్పలేదు. అలా చెప్పాక లెటర్ చూపమంటే అక్కడే పరువు పోతుంది. చివరి రెండు వాక్యాలు తలుపు తెరిచి ఉంచాయి.

జవాబు వచ్చాక

"13 దాటలేం" అంటే అక్కడితో అయిపోలేదు. వేరియబుల్‌లో కొంత ఫిక్స్‌డ్‌లోకి మార్చమనండి, జాయినింగ్ బోనస్ అడగండి, ఆరు నెలలకే జీతం సమీక్షిస్తామని రాయించుకోండి. బోనస్‌కు ఏడాది లోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉంటుందేమో చదవండి. ఫోన్‌లో ఏది ఒప్పుకున్నా, సవరించిన లెటర్ చేతికి వచ్చేదాకా పాత ఉద్యోగానికి రాజీనామా పెట్టకండి. మీ కనీస అంకెకు అందకపోతే కృతజ్ఞత చెప్పి వదులుకోండి. ఒప్పుకున్నాక మాత్రం చేరి తీరండి. క్యాంపస్‌లో వందల మందికి ఒకే జీతం ఇచ్చేచోట ఈ మెయిల్ పెద్దగా పనిచేయదని ఫ్రెషర్లు తెలుసుకోవాలి.

కంపెనీలకు మా విన్నపం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ఆఫర్ ఇవ్వకముందు పాత జీతం అడగడాన్ని నిషేధిస్తూ 2016లో చట్టం చేసింది; 2018 జులై నుంచి అమలవుతోంది. కొలరాడోలో 2021 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం హద్దులు వేయాలి. అక్కడ పనిచేసే మన తెలుగువారికి ఇది తెలిసిన సంగతే. మన దగ్గర అలాంటి చట్టం లేదు. అయినా చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ప్రకటనలో బ్యాండ్ వేయండి. పాత పేస్లిప్ మీద కాక, పని మీద జీతం కట్టండి.

మిత్రులారా! మీకొచ్చిన ఆఫర్ అంకెను మీ స్నేహితులతో దాచకండి. ఒకరు చెప్పిన జీతమే మరొకరికి ఆధారం. ఈ కరపత్రాన్ని ఉద్యోగం మారబోతున్న మరొకరి చేతిలో పెట్టండి.