సదస్సులో సొంత డబ్బా కొట్టక్కర్లేదు, పోస్టర్ దగ్గర నిలబడితే చాలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన తండాల నుంచి, కాలనీల నుంచి పీజీకి వెళ్లి, సదస్సుకు పోయొచ్చిన వాళ్లని "ఎవరితో మాట్లాడావ్?" అని అడగండి. "ఎవరితోనూ లేదన్నా, మన గురించి మనమే చెప్పుకోవాలంటే సిగ్గేసింది" అంటారు. అలాంటి వాళ్లకి "ధైర్యంగా వెళ్లి పరిచయం చేసుకో" అనే సలహా దండగని నా అభిప్రాయం. వాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఎక్కడ నిలబడాలో.

పెద్ద ఉపన్యాసం అయిపోగానే వేదిక దగ్గర గుంపు చేరుతుంది. అక్కడికి వెళ్లొద్దు. గట్టిగా మాట్లాడేవాళ్లదే ఆ చోటు. మనకి పనికొచ్చేది పోస్టర్ల గది. పరిశోధన చేసిన మనిషి తన పోస్టర్ పక్కనే నిలబడి, ఎవరైనా వచ్చి అడిగితే బాగుండని చూస్తుంటాడు. చాలాసార్లు ఎవరూ రారు. అక్కడ మాట కలపడానికి మన గొప్ప చెప్పాల్సిన పనిలేదు, ఆయన పని గురించి అడిగితే చాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2021లో మన పల్నాడు మిరప చేలని నల్ల తామర పురుగు ఎలా ఊడ్చేసిందో అందరికీ గుర్తే. గుంటూరు లాం ఫారంలో ఒక సదస్సు, అందులో ఈ పురుగు మీద ఒక పోస్టర్ ఉందనుకోండి. ముందురోజు రాత్రే సారాంశాల పుస్తకం తిరగేసి, మీకు సంబంధమున్న మూడు పోస్టర్లకి గుర్తు పెట్టుకోండి. ఒక్కోదానికి ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకోండి. "బాగుంది మేడం" అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. "మేడం, నీలం జిగురు అట్టలు పైరుకి ఎంత ఎత్తులో కట్టారు? మా చేలో పురుగు ఎక్కువగా పూలలోనే కనపడింది" అనండి. ఈ రెండో మాట పొగడ్త కాదు, డబ్బా కాదు, మీరు కళ్లారా చూసిన సంగతి. చేను చూసినవాడి మాట ఆమెకీ అవసరమే.

ఆమె తిరిగి "మీది ఏ మండలం? ఎప్పుడు మొదలైంది?" అని అడిగితే పరిచయం కుదిరినట్టే. చూపు మీ వెనక్కి పోతుంటే థాంక్స్ చెప్పి కదలండి, అది మీ తప్పు కాదు. ఊరు అడగడం మాటున కులం కూపీ లాగేవాళ్లూ ఉంటారు. మండలం పేరు చెప్పి మళ్లీ పురుగు దగ్గరికే మాట తిప్పండి. ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం.

రెండు రోజుల్లోపు ఒక మెయిల్ పెట్టండి: "పూలలో పురుగు గురించి అడిగిన విద్యార్థిని. అట్టల ఎత్తు గురించి మీరు చెప్పింది మా చేలో చూస్తాను." అంతే. అందులోనే బయోడేటా పంపి ఉద్యోగం అడిగితే మొత్తం చెడుతుంది. చూశాక ఏం కనపడిందో రాయండి. రెండో ఉత్తరంతోనే మీరు గుర్తుంటారు.

దీంతో రేపే ఉద్యోగం రాదు. కానీ మూడు పోస్టర్లలో ఒక్కరు జవాబిచ్చినా, ప్రాజెక్టుకి సలహా అడగడానికి మనకి ఒక మనిషి ఉన్నట్టు. ఇంట్లో మొదటి తరం చదువుకున్న మనకి లేనిది ఆ మనిషే.