నలభై శాతం ఎక్కడిది?

మా అన్నయ్య కూతురు 2024లో ఈసీఈ పూర్తి చేసింది. పోయిన ఆదివారం రెజ్యూమె ఒకసారి చూసిపెట్టమని ఫోన్ నా చేతికిచ్చింది. అది తెరిచేలోపే ఇంకోటి కనబడింది. ఓ కెరీర్ కోచ్ రోజుకో బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు చొప్పున పెడుతున్న ‘30 రోజులు, 30 చిట్కాలు’. మావాళ్ళమ్మాయి పంతొమ్మిదో రోజులో ఉంది. ప్రతి చిట్కా చివరా ఒకటే మాట: ‘జాబ్’ అని కామెంట్ పెడితే పీడీఎఫ్ పంపుతాను. పెట్టింది. పీడీఎఫ్ రాలేదు, 499 రూపాయల మాస్టర్‌క్లాసుకు పిలుపొచ్చింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు పెద్దలు. ఆ పంతొమ్మిదీ కూర్చుని చదివాను. ఇంటర్వ్యూ అయ్యాక ప్యానెల్‌కు థాంక్యూ మెయిల్ రాయాలట. పదిహేను వందల మంది బారులు తీరిన డ్రైవ్‌లో, పేరైనా చెప్పని ప్యానెల్‌కు ఏ అడ్రసుకు రాస్తుంది? మొదటి జీతం దగ్గరే బేరమాడాలట. 2023 ఫిబ్రవరిలో విప్రో ఏం చేసిందో గుర్తుందిగా. ఏడాదికి 6.5 లక్షలకు ఎంపిక చేసుకుని నెలల తరబడి కూర్చోబెట్టిన పిల్లల్ని, 3.5 లక్షలకు వస్తారా అని అడిగింది. బేరం ఆడింది ఎవరు? ఇవన్నీ అమెరికాలో పదేళ్ళ అనుభవం ఉన్నవాడు ఉద్యోగం మారేటప్పుడు పనికొచ్చే మాటలు. కటాఫ్ పెట్టి వందల్లో తీసుకునే మన ఫ్రెషర్ల సంతలో వాటికి చోటు లేదు.

ఆరో చిట్కా మరీ భయపెట్టింది. నూటికి 75 రెజ్యూమెలను మనిషి చూడకముందే యంత్రం చెత్తబుట్టలో పడేస్తుందట. ఏళ్ళ తరబడి ఇదే అంకె చేతులు మారుతోంది, దాని వెనక ఓ సర్వే కాగితం మాత్రం ఎవరూ చూపించరు. మన పిల్లల్ని ఆపేది యంత్రం తెలివి కాదు, అప్లికేషన్‌లో అడిగే రెండు మూడు ప్రశ్నలు. ఏ సంవత్సరం పాసయ్యావు? పది, ఇంటర్, డిగ్రీ అన్నింట్లో 60 శాతం ఉందా? బ్యాక్‌లాగులు మిగిలాయా? మావాళ్ళమ్మాయికి బీటెక్‌లో 58. ఇప్పటిదాకా 212 చోట్ల అప్లయ్ చేసింది. ఇద్దరం కూర్చుని లెక్కేస్తే అందులో 130కి పైగా 60 శాతం అడిగినవే. రెజ్యూమె బంగారు నీటితో రాసినా అక్కడ తలుపు తెరుచుకోదు. ఈ ముక్క పంతొమ్మిది రోజుల్లో ఒక్కరోజూ చెప్పలేదు ఆ కోచ్.

యంత్రం ఇబ్బంది అసలే లేదనను. రెజ్యూమె రెండు నిలువు గళ్ళలో, రంగురంగుల పట్టీలతో పెళ్ళికూతురిలా ఉంది. పీడీఎఫ్‌లోని మేటరంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించమన్నాను. అతికిస్తే డిగ్రీ మార్కుల పక్కన క్యారమ్స్ వచ్చి కూర్చుంది. జావా ఎంత వచ్చో చూపించే అయిదు చుక్కలూ మాయం. ఫోన్ నంబరు బొమ్మలో భాగమైపోయిందేమో, అసలు రానేలేదు. యంత్రానికి కనబడేది కూడా ఇంచుమించు ఇదే. ఒకే వరసలో, పట్టికలు లేకుండా, నంబరు మామూలు అక్షరాల్లో కొట్టి, మళ్ళీ అతికించి చూసుకుంటే చాలు. అయిదు నిమిషాల పని.

నాకు ఒళ్ళు మండింది మాత్రం పదకొండో చిట్కా చదివాక. ‘ప్రతి వాక్యంలోనూ ఒక అంకె ఉండాలి’ అంటుంది అది. అంకె లేకపోతే రిక్రూటర్ కన్ను ఆగదట. అందుకని మా పిల్ల ప్రాజెక్టు కింద ఇలా రాసింది: స్మార్ట్ ఇరిగేషన్ వ్యవస్థ రూపొందించి నీటి వాడకాన్ని 40 శాతం తగ్గించాను.

“ఈ నలభై ఎక్కడిదమ్మా?” అన్నాను.

“ఉజ్జాయింపుగా వేశాను బాబాయ్.”

“నీళ్ళు దేంతో కొలిచారు?”

“మీటరేం పెట్టలేదు.”

ఇంటర్వ్యూలో వాళ్ళడిగే రెండో ప్రశ్న ఇదే అయ్యుండేది. అక్కడితో సరి.

అసలు ఆ ప్రాజెక్టులో నువ్వు చేసిందేమిటని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు మాట పెగిలింది. కిట్టూ కోడూ నలుగురూ చందాలేసుకుని అమీర్‌పేటలో కొన్నారు, దాచడానికేం లేదు. కానీ కాలేజీలో డెమో అయ్యాక ఈ పిల్ల ఊరికే ఉండక, దాన్ని తీసుకెళ్ళి మా అన్నయ్య మిరప చేలో రెండు చోట్ల గుచ్చింది. మొదటి వారం బాగానే ఉంది. మూడో వారానికల్లా, నీళ్ళు పెట్టిన సాయంత్రం కూడా నేల ఎండిందనే చెప్పడం మొదలెట్టింది సెన్సర్. పీకి చూస్తే తేమ కొలిచే పుల్లలు తుప్పు పట్టి ఉన్నాయి. రాత్రీ పగలూ వాటిగుండా కరెంటు పారడమే కారణమని తెలుసుకుని, గంటకోసారి రీడింగ్ తీసుకునే క్షణంలోనే కరెంటు వెళ్ళేలా కోడ్ మార్చింది. కొత్త పుల్లలు పంట చివరిదాకా నిలిచాయి.

ఇంత సరుకు పెట్టుకుని, దీన్ని వదిలేసి నలభై శాతం రాసింది! ఎందుకమ్మా అంటే, “చెడిపోయిన సంగతి రాస్తే నెగెటివ్ అవుతుందన్నారు బాబాయ్” అంది. పద్నాలుగో చిట్కా. ఆ వాక్యం కొట్టించి, జరిగింది జరిగినట్టు మూడు వరసల్లో రాయించాను. చెడిందేమిటి, కారణం ఎలా పట్టింది, ఏం మార్చింది. అందులో ఉన్న అంకెలు ‘రెండు చోట్ల’, ‘మూడో వారం’, ‘గంటకోసారి’. వాటిని ఎవరు ఎంత తవ్వినా ఆ పిల్ల దగ్గర జవాబుంది.

కోచ్‌నొక్కడినే అనడమూ న్యాయం కాదు. నాలుగేళ్ళు ఫీజు కట్టించుకున్న కాలేజీలో ఒక్క లెక్చరరైనా ‘దీన్ని పొలంలో పెట్టి చూశారా’ అని అడగలేదు. ప్రాజెక్టు ఎక్కడ కొన్నారో వాళ్ళకు తెలుసు. రికార్డు బైండింగ్ రంగు తప్పితే మాత్రం వెనక్కి పంపారు. ఆ కాలేజీ హోర్డింగు మీద ‘నూరు శాతం ప్లేస్‌మెంట్లు’ అని ఉంది. ఒకే కుర్రాడికి వచ్చిన మూడు ఆఫర్లను మూడుగా లెక్కేస్తే నూరేమిటి, నూట ఇరవై కూడా వస్తుంది. మా పిల్ల నలభై శాతం నేర్చుకున్నది ఆ హోర్డింగు కింద నడిచే కదా!

ఇంకో సంగతి ఆ పంతొమ్మిది చిట్కాల్లో మొదటి నుంచి చివరిదాకా వెతికాను, లేదు. డిగ్రీ, డిప్లొమా పూర్తయి అయిదేళ్ళు దాటనివాళ్ళకు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం ఉంది. nats.education.gov.in లో పేరు నమోదుకు పైసా అక్కర్లేదు. ఏడాది పాటు సంస్థలో పని నేర్పుతారు. 2019 నిబంధనల్లోనే డిగ్రీవాళ్ళకు నెలకు కనీసం 9,000 రూపాయలు ఇవ్వాలని పెట్టారు, అందులో సగం కేంద్రం భరిస్తుంది. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు వెళ్ళడమే కష్టం, ఆ తర్వాత ఉద్యోగం ఇస్తారన్న హామీ కూడా లేదు. అయినా రెజ్యూమెలో ఏడాది నిజమైన పని ఉంటుంది. దీని మీద కమీషన్ రాదు గనక ఎవరూ చిట్కా రాయరు.

ఇంట్లో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలున్నవాళ్ళకు ఒక మనవి. ‘ఇంకా రాలేదా’ అని రోజూ అడిగే బదులు, ఒక్క సాయంత్రం పక్కన కూర్చుని ‘నీ ప్రాజెక్టులో ఏది చెడిపోయింది, ఎలా బాగుచేశావు’ అని అడగండి. వాళ్ళు చెప్పేది కాగితం మీద పెట్టించండి. ఏదీ చెడిపోలేదంటే మాత్రం, ఆ ప్రాజెక్టు వాళ్ళు చేయలేదని అర్థం. 499 రూపాయలు దగ్గర పెట్టుకుని, ఆ ప్రాజెక్టును ఈసారైనా విప్పి చూడమనండి.